వయోధిక ప్రేక్షకులకు టీవీ సౌలభ్య అమరికలు: జెర్సీ సిటీ తెలుగు ఇళ్లు

తెర మీది అక్షరాలను పెద్దవి చేయడం, సంభాషణను రాతలో చూపించడం, తెర మీద జరుగుతున్నది మాటల్లో చెప్పించడం, మెనూల రంగులు కొట్టొచ్చినట్టు కనిపించేలా మార్చడం వంటి ఏర్పాట్లను కలిపి సౌలభ్య అమరికలు అంటారు. అమెరికాలో అమ్మే చాలా టీవీల్లో ఇవి Accessibility అనే పేరు కింద ఉంటాయి. మొదట వినికిడి లేనివారి కోసం, చూపు లేనివారి కోసం పుట్టినవే అయినా, చూపు కాస్త మందగించిన, చెవి కాస్త తగ్గిన పెద్దవాళ్లకు కూడా ఇవి అంతే పనికొస్తాయి. అయితే పెద్దవాళ్లు తమకు ఏదో లోపం ఉందని ఒప్పుకోరు కాబట్టి ఆ పేరున్న మెనూ జోలికి పోరు. "నాకేం, బాగానే కనిపిస్తోంది" అంటూనే కుర్చీని టీవీకి దగ్గరగా జరుపుకుంటారు.

న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీ, హడ్సన్ నదికి ఈవలి ఒడ్డున, మన్‌హాటన్‌కు ఎదురుగా ఉన్న ఊరు. జర్నల్ స్క్వేర్ దగ్గర న్యూవార్క్ అవెన్యూ మీద భారతీయ దుకాణాల వరుస ఉంది. దాన్ని ఇండియా స్క్వేర్ అంటారు. నది ఒడ్డున న్యూపోర్ట్ వైపు ఆకాశహర్మ్యాలు. ఈ రెండు చోట్లా తెలుగు కుటుంబాలు ఉన్నాయి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్లే తల్లిదండ్రులకు, పిల్లలు ఆఫీసుకు వెళ్లాక పగలంతా టీవీయే తోడు. గోడకు అవతల వేరే కుటుంబం ఉంటుంది కాబట్టి సొంతింట్లోలాగా సౌండు పెంచుకునే వీలుండదు. అందుకే ఈ అమరికల సంగతి ఇక్కడ తప్పనిసరిగా ముందుకొస్తుంది.

ఈ ఇళ్లలో రెండు రకాల కార్యక్రమాలు నడుస్తాయి. ఒకటి అమెరికా ఇంగ్లిషు కార్యక్రమాలు, రెండోది తెలుగు సినిమాలు, సీరియళ్లు, వార్తలు. ఒకే టీవీ, ఒకే రిమోట్ అయినా సౌలభ్యం విషయంలో ఇవి రెండూ రెండు లోకాలు. మొదటిదానికి చట్టం అండ ఉంది, రెండోదానికి లేదు. ఏ అమరిక ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలియాలంటే ముందు ఈ తేడా తెలియాలి.

చట్టం ఇచ్చినవి, వదిలేసినవి

బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ కేంద్రం 1972లో జూలియా చైల్డ్ వంటల కార్యక్రమాన్ని అందరికీ కనిపించే అక్షరాలతో ప్రసారం చేసింది. కావాలనుకున్నవాళ్లకే కనిపించే క్లోజ్డ్ క్యాప్షన్లు 1980 మార్చిలో మొదలయ్యాయి. అప్పట్లో వాటిని చూడాలంటే టీవీ పక్కన ఒక డీకోడర్ పెట్టె కొని పెట్టుకోవాల్సి వచ్చేది. 1990లో చేసిన చట్టం ఆ పెట్టె అవసరం తీసేసింది. 1993 జులై నుంచి అమెరికాలో అమ్మే 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ డీకోడర్ చిప్ లోపలే ఉండాలని ఆదేశించింది. 2010 అక్టోబరులో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన మరో చట్టం ఇంటర్నెట్‌నూ ఈ పరిధిలోకి తెచ్చింది. టీవీలో క్యాప్షన్లతో వచ్చిన కార్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో పెడితే అక్కడా క్యాప్షన్లు ఉండాలి. అక్షరాల సైజు, రంగు, ఫాంటు, వెనకాల పట్టీ రంగు, దాని పారదర్శకత, అక్షరాల అంచు ప్రేక్షకుడే మార్చుకోగలగాలి. సైజు మామూలుకు సగం నుంచి రెట్టింపు దాకా వెళ్లాలి.

ఇప్పుడు వదిలేసినదాని సంగతి. క్యాప్షన్లు తప్పనిసరి చేసే అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల్లోనే, ఇంగ్లిషు, స్పానిష్ కాని భాషల కార్యక్రమాలకు మినహాయింపు ఉంది. తెలుగు చానెల్ అమెరికాలో ఏ కేబుల్ ప్యాక్‌లో వచ్చినా క్యాప్షన్లు ఇవ్వక్కర్లేదు. ఇంటర్నెట్ నిబంధనేమో టీవీలో క్యాప్షన్లతో వచ్చినవాటికే వర్తిస్తుంది. అసలు అక్కడే లేనప్పుడు ఇక్కడ ఎక్కడి నుంచి వస్తాయి? దీనికి పాత సాంకేతిక కారణం ఒకటి తోడైంది. అమెరికా పాత టీవీ ప్రసారాల్లో క్యాప్షన్లు మోసుకెళ్లిన పద్ధతిలో రోమన్ అక్షరాలకు, కొన్ని ఐరోపా భాషల గుర్తులకు మాత్రమే చోటుంది. ఒత్తులూ గుణింతాలూ పంపే దారే లేదు.

కాబట్టి జెర్సీ సిటీలో జెమినీ సీరియల్ చూస్తూ రిమోట్ మీది CC మీట నొక్కితే ఏమీ రాకపోవడం టీవీ లోపం కాదు. చూపించడానికి అందులో అక్షరాలు లేవు.

అక్షరం ఎంత పెద్దగా ఉండాలి

సైజు పెంచడం అందరికీ మొదట తట్టేదే. ఎంత పెంచాలన్నది మాత్రం లెక్క వేసి చూస్తేనే తేలుతుంది. కళ్ల డాక్టరు చీటీలో 6/12 అని రాస్తారు కదా, ఆ చూపు ఉన్నవారు ఒక అక్షరాన్ని గుర్తుపట్టాలంటే అది కంటి దగ్గర 10 నిమిషాల కోణం చేయాలి. కోణమానంలో నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. మూడు మీటర్ల దూరంలో అది దాదాపు 9 మిల్లీమీటర్ల ఎత్తు. కానీ ఇది అతికష్టం మీద గుర్తుపట్టే హద్దు. పరుగెత్తే సంభాషణను తేలిగ్గా చదవాలంటే దానికి రెండింతలకు పైగా, అంటే సుమారు 2 సెంటీమీటర్లు కావాలి.

ఇప్పుడు 55 అంగుళాల టీవీ తీసుకుందాం. దాని తెర ఎత్తు 68 సెంటీమీటర్ల పైచిలుకు. పైనా కిందా అంచులు వదిలేసి, మిగిలిన 80 శాతం ఎత్తులో 15 వరుసలు పడతాయన్నది క్యాప్షన్ల పాత కొలత. అంటే ఒక్కో వరుస సుమారు 3.6 సెంటీమీటర్లు, అందులో పెద్ద అక్షరం ఎత్తు మూడింట రెండు వంతులనుకుంటే 2.4 సెంటీమీటర్లు. 6/12 చూపుకు మామూలు సైజే సరిపోతుంది. అదే అమ్మానాన్నల గదిలో పెట్టిన 32 అంగుళాల టీవీలో, అంతే దూరంలో, అక్షరం 1.4 సెంటీమీటర్లకు పడిపోతుంది. అక్కడ 150 శాతానికి పెంచాలి. చూపు 6/24 అయితే పెద్ద టీవీ మీద కూడా 150కి తక్కువ పెడితే లాభం లేదు.

200 శాతానికి పెట్టేస్తే గొడవ వదులుతుందనుకుంటారు చాలామంది. వదలదు. పాత పద్ధతిలో వరుసకు 32 అక్షరాలు. సైజు రెట్టింపైతే 16 పడతాయి. ఒక వాక్యం నాలుగు వరుసలై, మాట్లాడే మనిషి మొహాన్ని కప్పేస్తుంది. మొహం, ముఖ్యంగా పెదవులు కనిపించకపోతే చెవి తగ్గినవారికి నష్టమే, ఎందుకంటే వాళ్లు తమకు తెలియకుండానే పెదవులు చూసి సగం మాట పట్టుకుంటారు. నన్నడిగితే 150 దగ్గర ఆగి, కుర్చీని అర మీటరు ముందుకు జరపడం మేలు.

రంగుల సంగతికొస్తే, నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు గానీ పసుపు అక్షరాలు గానీ పెట్టడం అన్నిటికన్నా క్షేమం. పారదర్శక పట్టీ చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది గానీ, వెనక తెల్ల పంచెల పెళ్లి సీను వచ్చిందంటే అక్షరాలు కరిగిపోతాయి. శుక్లం మొదలైన కంటికి వెలుగు చెదిరి మెరుపులా కనిపిస్తుంది కాబట్టి, తెల్ల పట్టీ మీద నల్ల అక్షరాలు కొందరికి కళ్లు జిగేలుమనిపిస్తాయి. ఇది మనిషిని బట్టి ఉంటుంది, పక్కన కూర్చుని అడగాల్సిందే.

ఎక్కడ మార్చాలి, మార్చినా ఎందుకు మారదు

క్యాప్షన్ల అమరిక మూడు అంతస్తుల్లో ఉంటుంది. ఒకటి టీవీది, రెండోది రోకు, ఫైర్ టీవీ, యాపిల్ టీవీ వంటి పెట్టెది, మూడోది యాప్‌ది. టీవీలో మార్చినది యాంటెన్నాతో వచ్చే చానెళ్లకు పనికొస్తుంది గానీ, పెట్టెలో నడిచే యాప్‌ను తాకదు. జనం తికమకపడేది ఇక్కడే. సామ్‌సంగ్ రిమోట్‌లో వాల్యూమ్ మీటను నొక్కి పట్టుకుంటే సౌలభ్య అమరికల చిట్టా నేరుగా తెరుచుకుంటుంది. అందులో క్యాప్షన్ల సైజు పెంచేసి, తర్వాత రోకులో సినిమా పెట్టి, "ఏం మారలేదు" అంటారు. ఆ సినిమా అక్షరాలను గీస్తున్నది రోకు, టీవీకి చేరేటప్పటికి అవి బొమ్మలో భాగం.

రోకులో Settings > Accessibility లోకి వెళ్తే Captions mode, Captions style అని రెండు కనిపిస్తాయి. మొదటిదానిలో On replay అనే ఒక ఎంపిక ఉంది. దాన్ని పెట్టుకుంటే క్యాప్షన్లు మామూలుగా కనిపించవు. మాట అర్థం కాక, రిమోట్ మీద వెనక్కి తిరిగిన బాణం మీట నొక్కితే కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లి, ఆ కాసేపు మాత్రం అక్షరాలు వస్తాయి. క్యాప్షన్లంటే చిరాకుపడే పెద్దాయనను ఒప్పించడానికి ఇంతకంటే మంచి దారి నేను చూడలేదు. యాపిల్ టీవీలో Settings > Accessibility > Subtitles and Captioning > Style దగ్గర Large Text అని సిద్ధంగా ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2023 మార్చిలో టీవీల మీదే సైజు మార్చే వీలు ఇచ్చింది. చిన్న, మధ్యస్థ, పెద్ద అని మూడు సైజులు, నాలుగు రంగుల తీరులు. వాటిలో Contrast అన్నది నల్ల పట్టీ మీద పసుపు అక్షరాలు.

అన్నీ సరిగ్గా పెట్టినా మారకపోతే ఆ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మ. తెలుగు సినిమాల విదేశీ ప్రింట్లలో ఇంగ్లిషు సబ్‌టైటిల్స్‌ను వీడియోలోనే ముద్రించేయడం పాత అలవాటు. యూట్యూబ్‌లోని పాత సినిమాల్లో ఇవి కోకొల్లలు. గుర్తుపట్టడం సులువు. సబ్‌టైటిల్స్ ఆపేసి చూడండి, అయినా కనిపిస్తుంటే అవి ముద్రించినవే. అప్పుడు ఏ మీటా పనిచేయదు. తెర మొత్తాన్ని పెద్దది చేసే మాగ్నిఫైయర్ ఒక్కటే గతి, దాంతో బొమ్మ అంచులు పోతాయి.

తెలుగు లిపిలో సబ్‌టైటిల్స్ ఉన్నచోట మరో చిక్కు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఒకే వరుస ఎత్తులో ఈ మూడూ ఇమడాలంటే అసలు అక్షరం రోమన్ అక్షరంకన్నా చిన్నదవుతుంది. అందువల్ల ఇంగ్లిషుకు చాలిన సైజు తెలుగుకు చాలదు, ఒక మెట్టు పెంచాలి. మందపాటి అంచు పెడితే 'ఘ', 'ఝ' లాంటి అక్షరాల్లో సన్నని ఖాళీలు పూడిపోయి ముద్దగా కనిపిస్తాయి. తెలుగుకు అంచు తీసేసి, నల్ల పట్టీ పెట్టడమే ఉత్తమం.

హై కాంట్రాస్ట్ అంటే

ఈ పేరు అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. హై కాంట్రాస్ట్ పెడితే సినిమా బొమ్మ స్పష్టంగా మారుతుందనుకుంటారు. అది మెనూలకు సంబంధించినది. సామ్‌సంగ్‌లో High Contrast వేస్తే మెనూ వెనకాల ఉన్న పారదర్శకపు పొర పోయి, ముదురు రంగు మీద తెల్లని అక్షరాలు వస్తాయి. సినిమా యథాతథం. వెబ్ సౌలభ్య ప్రమాణాల్లో అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని రాసి ఉంది. ఆ అంకె గాలిలోంచి ఊడిపడలేదు, దాదాపు 80 ఏళ్ల వయసువారిలో సాధారణంగా ఉండే 6/12 చూపును దృష్టిలో పెట్టుకుని లెక్కగట్టినది. తెలుపు మీద నలుపు 21:1. ఓటీటీ యాప్‌లలో పోస్టర్ మీద వేసే బూడిదరంగు అక్షరాలు చూస్తే ఆ ప్రమాణం రాసినవాళ్లు నొచ్చుకుంటారు.

బొమ్మే మసగ్గా ఉందంటే అది వేరే సంగతి. చీకటి సీన్లు కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం టీవీ సినిమా మోడ్‌లో ఉండడం, లేదా విద్యుత్ పొదుపు అమరిక వెలుగును తగ్గించడం. మొదట ఆ రెండూ చూసుకోవాలి.

ఆడియో డిస్క్రిప్షన్

సంభాషణల మధ్య ఖాళీల్లో ఒక గొంతు తెర మీద జరిగేది చెబుతూ పోతుంది. ఎవరు తలుపు తీశారు, ఉత్తరం చదివి మొహం ఎలా పెట్టారు అన్నవి. మాక్యులా దెబ్బతిని మొహాలు గుర్తుపట్టలేనివారికి ఇది గొప్ప ఆసరా. అమెరికాలో పెద్ద నెట్‌వర్కులు ఇలాంటి కార్యక్రమాలు మూడు నెలలకు 50 గంటలు ఇవ్వాలన్న నిబంధన 2012 జులై నుంచి అమలైంది, 2018లో అది 87.5 గంటలకు పెరిగింది. మొదట పెద్ద మార్కెట్లకే వర్తించింది. జెర్సీ సిటీ న్యూయార్క్ మార్కెట్‌లోకి వస్తుంది కాబట్టి మొదటి రోజు నుంచీ ఆ సదుపాయం ఉంది.

ప్రసారాల్లో ఇది రెండో ఆడియో దారిలో వస్తుంది. కొన్ని కార్యక్రమాలకు అదే దారిలో స్పానిష్ అనువాదం పంపుతారు. అందుకే దాన్ని వేసి అలాగే వదిలేస్తే, మరో చానెల్‌కు మార్చగానే టీవీ ఉన్నట్టుండి స్పానిష్ మాట్లాడుతుంది. టీవీ పాడైందని పిల్లలకు ఫోన్ వస్తుంది. ఆడియో భాషను తిరిగి ఇంగ్లిషుకు మారిస్తే చాలు. ఓటీటీలో ఈ ఇబ్బంది లేదు. నెట్‌ఫ్లిక్స్ 2015 ఏప్రిల్‌లో 'డేర్‌డెవిల్'తో దీన్ని మొదలుపెట్టింది. ఆడియో చిట్టాలో English - Audio Description అని విడిగా కనిపిస్తుంది. ఆ వరుస లేకపోతే ఆ సినిమాకు వర్ణన లేదు. Accessibility మెనూలో దాని మీట వేసి ఉన్నంత మాత్రాన వర్ణన పుట్టుకురాదు.

తెలుగులో పరిస్థితి ఇప్పుడిప్పుడే కదులుతోంది, అదీ భారతదేశం వైపు నుంచి. 'పఠాన్' సినిమా మీద వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, ఓటీటీ విడుదలకు ఆడియో వర్ణన, క్యాప్షన్లు సిద్ధం చేయమని నిర్మాతలను ఆదేశించింది. 2024 మార్చి 15న కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటికి మించిన భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలు ముందుగా ఈ సదుపాయాలు కల్పించాలి. మన పాన్ ఇండియా సినిమాలన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఒకసారి థియేటర్ కోసం తయారైన వర్ణనను ఓటీటీకి అందించడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. అందిస్తేనే అది జెర్సీ సిటీ దాకా చేరుతుంది.

తెలుగు కార్యక్రమానికి చెవే దిక్కు

ఒక ఉదాహరణ అనుకుందాం. జర్నల్ స్క్వేర్ దగ్గరి ఫ్లాట్‌లో డెబ్బై రెండేళ్ల రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య. ఆయనకు ఇంగ్లిషు రాత కొట్టిన పిండి, అమెరికా యాస మాత్రం అందదు. ఆయనకు ఇంగ్లిషు వార్తల్లో క్యాప్షన్లు వేసి 150కి పెంచితే సమస్య దాదాపు తీరుతుంది. ఆవిడ చూసేది తెలుగు సినిమాలు. ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ ఆవిడకు అక్కరకు రావు, తెలుగువి లేవు. ఆవిడ ఫిర్యాదు ఒకటే: "మాట వినపడుతోందిరా, ఏమంటున్నారో తెలియట్లేదు."

ఈ ఒక్క మాటలోనే రోగం ఉంది. వయసుతో మొదట తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల వినికిడి. అచ్చులు తక్కువ పౌనఃపున్యాల్లో, గట్టిగా ఉంటాయి కాబట్టి వినిపిస్తాయి. 'స', 'శ', 'చ', 'త' లాంటి హల్లులు జారిపోతాయి. మాట శబ్దంగా అందుతుంది, అర్థంగా అందదు. సౌండు పెంచితే నేపథ్య సంగీతమూ అంతే పెరుగుతుంది, ఫైటు రాగానే తగ్గించాల్సి వస్తుంది.

ఇక్కడ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, వరుస కూడా ముఖ్యమే. మొదట యాప్‌లో ఆడియో ఎంపిక చూడాలి. 5.1 అని ఉంటే దాన్ని వదిలి మామూలు స్టీరియో ఎంచుకోవాలి. 5.1లో మాటలు ప్రధానంగా మధ్య స్పీకరు కోసం కలుపుతారు, రెండే స్పీకర్లున్న టీవీ వాటిని మిగతా చప్పుళ్లతో కలగలిపేటప్పుడు అవి అణిగిపోవచ్చు. తర్వాత టీవీ సౌండు మోడ్ మార్చాలి. ఎల్‌జీలో Clear Voice, సామ్‌సంగ్‌లో Amplify అన్న పేర్లతో మాటలుండే పౌనఃపున్యాలను పైకెత్తే మోడ్‌లు ఉంటాయి. రోకు సౌండ్‌బార్లలో Speech clarity ఉంది. ఇవి కార్యక్రమంలో ప్రత్యేకంగా ఏ సమాచారమూ కోరవు, వచ్చిన శబ్దాన్నే మలుస్తాయి కాబట్టి తెలుగుకూ ఇంగ్లిషుకూ ఒకేలా పనిచేస్తాయి. ప్రైమ్ వీడియో 2023లో తెచ్చిన Dialogue Boost అలాంటిది కాదు. అది ఒక్కో సినిమాకు ముందే తయారుచేసి పెట్టే ఆడియో. మొదట ఇంగ్లిషు కార్యక్రమాలతోనే మొదలైంది. చిట్టాలో ఆ పేరు కనిపిస్తేనే ఉన్నట్టు.

మధ్య స్పీకరు విడిగా ఉన్న సౌండ్‌బార్ కొంటే ఆ ఒక్క స్పీకరునే పెంచే వీలుంటుంది. అప్పుడు మాత్రం మళ్లీ 5.1 ఎంచుకోవాలి. అంటే సౌండ్‌బార్ పెట్టే ముందు ఇచ్చిన సలహా, పెట్టాక తిరగబడుతుంది. వినికిడి యంత్రం వాడేవారికైతే టీవీ శబ్దాన్ని నేరుగా యంత్రంలోకి పంపే చిన్న పెట్టె, ఆ యంత్రం తయారుచేసిన కంపెనీదే, కొనడం నయం. గోడ అవతలివారికి ఏమీ వినిపించదు, ఆయన పక్కన మరో తెర మీద తన వార్తలు తాను క్యాప్షన్లతో చదువుకోవచ్చు.

ఎవరి అమరిక ఎవరిది

2024 జులైలో ఎఫ్‌సీసీ, క్యాప్షన్ల అమరికలు మెనూల అడుగున దాగకుండా ఒకచోట, సులువుగా దొరికేలా ఉండాలని, మార్చేటప్పుడు ఎలా కనిపిస్తాయో ముందే చూపించాలని, ఒకసారి పెట్టినవి నిలిచి ఉండాలని నియమం చేసింది. టీవీ తయారీదారులకు, కేబుల్ సంస్థలకు 2026 ఆగస్టు 17ను గడువుగా పెట్టింది. ఆ 'నిలిచి ఉండడం' అన్నది పెద్దవాళ్లున్న ఇంట్లో మరో రకంగా కూడా తేల్చుకోవాల్సిన సంగతి. నెట్‌ఫ్లిక్స్‌లో అక్షరాల తీరు ప్రొఫైల్‌ను బట్టి ఉంటుంది. అమ్మ పేరుతో, నాన్న పేరుతో విడి ప్రొఫైళ్లు పెడితే వారి సైజు వారికే ఉంటుంది, మనవళ్లు ఎంత తిప్పినా చెదరదు. రోకు, టీవీ అమరికలు పరికరానికి చెందినవి, ఒకరు మారిస్తే ఇంట్లో అందరికీ మారతాయి. కాబట్టి హాల్లోని పెద్ద టీవీకి మామూలు సైజు ఉంచి, పెద్దవాళ్ల గదిలోని టీవీకి విడిగా ఒక రోకు పెట్టె తగిలించి, On replay, పెద్ద అక్షరాలు రెండూ అందులో పెట్టేయడం తక్కువ గొడవతో తేలే పద్ధతి. ఆర్నెల్లకు వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఆ అమరికలను ఫోన్‌లో ఫొటో తీసుకుంటే, మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.